ముప్పై గడులు, నాలుగు ఖాళీలు

మా ఊళ్లో అమ్మ వేసే ముగ్గులకి ఒక చిన్న పేజీ ఉంది. నడిపేది నేను, హైదరాబాద్ నుంచి. మొదటి ఏడాది సంక్రాంతికి ప్లాన్ అంటూ ఏమీ లేదు, దొరికింది దొరికినట్టు పెట్టేశాను. అరిసెల రీల్ భోగి పొద్దున పడింది. చూసినవాళ్లు బాగానే ఉన్నారు కానీ కింద ఒకావిడ కామెంట్: "ఇప్పుడు చెప్తే బియ్యం ఎప్పుడు నానబెట్టాలి తమ్ముడూ?"

నాకు క్యాలెండర్ నేర్పింది ఆ ఒక్క ప్రశ్నే. పండగ వీడియో పండగ రోజున కాదు, చూసినవాళ్లు ఆ పని మొదలుపెట్టాల్సిన రోజుకి ముందు పడాలి.

సంక్రాంతికి ఒక సుఖం ఉంది. డిసెంబర్ 16 అటూ ఇటూగా ధనుర్మాసం మొదలై నెల పడుతుంది. అప్పట్నుంచి ఇంటి ముందు రోజూ ముగ్గే. అంటే నెల రోజుల థీమ్ మనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. చిక్కల్లా తేదీలతోనే. భోగి ఒక ఏడాది 13న, ఒక ఏడాది 14న వస్తుంది. అందుకే షీట్‌లో తేదీలు చేత్తో రాయను. పంచాంగం చూసి భోగి తేదీని F1 గడిలో పెడతాను. A కాలమ్‌లో "భోగికి ఎన్ని రోజుల ముందు" అని అంకె. పక్క గడిలో ఇది:

```
=$F$1-A2
```

కనుమకి -2 అని వేస్తే భోగి తర్వాత రెండో రోజు వచ్చేస్తుంది. వచ్చే ఏడాది F1 ఒక్కటి మారిస్తే చాలు, షీట్ మొత్తం జరుగుతుంది.

ఇక ఆ అంకెలు ఎలా వస్తాయంటే, పని వెనక్కి లెక్కేయాలి. గొబ్బి పిడకలు తట్టాలి, మంచులో తడవకుండా ఎండాలి, దండ గుచ్చాలి. అందుకే దానికి 20. అరిసెలకి 8. చూశాక బియ్యం నానడానికి ఒకటి రెండు రోజులు, ఆ తర్వాత తడిపిండి పట్టించడం, పాకం, వండటం. అరిసెలు ఎలాగూ నిలవుంటాయి కాబట్టి ముందు వండుకున్నా నష్టం లేదు. భోగి పళ్లకి 2, రేగిపళ్లు కొనడానికి టైం కావాలి కదా. కనుమ నాటి రథం ముగ్గు సంక్రాంతి సాయంత్రమే పడాలి. మామూలు ముగ్గులు కూడా అంతే, ముందు రోజు సాయంత్రం. రాత్రి ఫోన్‌లో చూసి సేవ్ చేసుకుని తెల్లారి వేస్తారు.

ఇదంతా చూపించి "అమ్మా, రోజుకొకటి" అన్నాను. అమ్మ షీట్ వంక చూసి, "నా మోకాళ్లు ఏ గడిలో రాశావురా?" అంది.

నిజమే, రాయలేదు. మళ్లీ మొదట్నుంచి వేశాం. ముప్పైలో ముగ్గులు 16, వంటలు 6, పిడకలూ భోగిపళ్లూ లాంటివి 4, ఖాళీ గడులు 4. ముగ్గుల్ని ముందే తీసేయడం. నేను రెండుసార్లు ఊరెళ్లాలి, వెళ్లినప్పుడల్లా రెండు పొద్దులు, పొద్దుకి నాలుగు ముగ్గులు. అంతకు మించి అడగకూడదని ఒప్పందం.

ముగ్గు సైజు కూడా తగ్గింది. అమ్మకిష్టమైన 15 నుంచి 8 వరకు సందుచుక్కల ముగ్గులో 169 చుక్కలుంటాయి. వాకిట్లో అద్భుతం, ఫోన్‌లో అదంతా తెల్లటి మసక. 7 నుంచి 4 వరకైతే 37 చుక్కలే. అమ్మ త్వరగా లేస్తుంది, చూసేవాళ్లకి గీత ఎటు తిరిగిందో తెలుస్తుంది. మొదటి మూడు సెకన్లు చుక్కలు మాత్రమే చూపించి, లెక్క స్క్రీన్ మీద రాయాలి. "ఎన్ని చుక్కలు అక్కా?" అనే కామెంట్ రెండోసారి వచ్చిందంటే ఆ వీడియోలో లోపం ఉన్నట్టే. నేను వ్యూస్ కంటే సేవ్స్ చూస్తాను. వ్యూస్ బాగుండి సేవ్స్ లేవంటే, చూశారు గానీ వేసుకోలేదు అని నా లెక్క.

షూటింగ్‌లో రెండు జాగ్రత్తలు. కళ్లాపి బాగా తడిగా ఉంటే పిండి ఇంకిపోయి గీత కనపడదు, పూర్తిగా ఆరిపోతే నేల తెల్లబడి కనపడదు. మధ్యలో కాసేపు ఉంటుంది, అప్పుడే. ఇంకోటి, ఎండ వాకిట్లోకి దిగకముందే ముగించాలి. లేదంటే అమ్మ చెయ్యి నీడే ముగ్గు మీద నడుస్తుంది.

ఆ నాలుగు ఖాళీలు దేనికంటారా? హరిదాసు, గంగిరెద్దు షీట్ చూసుకుని రారు. వచ్చిన రోజు ముందు అక్షయపాత్రలో బియ్యం పోయాలి, తర్వాత వీడియో తీసుకోవచ్చా అని అడగాలి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి. పోయినసారి ఒక గడి అలాగే ఖాళీగా మిగిలింది. ఆ సాయంత్రం ఏదో ఒకటి పెడదామని కంగారుపడుతుంటే అమ్మ తన పాత ముగ్గుల నోట్‌బుక్ పేజీలు తిప్పుతూ చూపించింది. నలభై సెకన్ల వీడియో, పేజీలు తిప్పడం తప్ప ఏమీ లేదు. ఆ నెల మొత్తంలో ఎక్కువ సేవ్స్ దానికే.