తోహ్ఫాల లిస్టు హజ్‌లో రుకున్ కాదు

ఈసారి కొంచెం కఠినంగానే రాస్తున్నాను. మా నడిగూడెంలో గానీ, కోదాడలో గానీ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు గానీ ఎవరింట్లో అయినా ఉమ్రా టికెట్ ఖాయమైందంటే మొదట తయారయ్యేది దుఆల లిస్టు కాదు, ఇళ్ల లిస్టు. ఫుప్ఫూ వాళ్లకు ఏం తేవాలి, సమ్ధీ వాళ్లకు ఏం తేవాలి, మస్జిద్ కమిటీ సదర్ సాబ్‌కు ఏం తేవాలి, పూలదండ వేసిన ప్రతి మనిషికీ ఏం తేవాలి. ఇహ్రామ్ ఎలా కట్టుకోవాలో ఇంకా తెలియదు గానీ, అజ్వా ఎన్ని కిలోలు కావాలో మాత్రం పక్కాగా తెలుసు.

ఈ రివాజ్ ఎంత దూరం వెళ్లిందంటే, "ఇప్పుడు వెళ్తే తోహ్ఫాలకు చాలవు, ఇంకో రెండేళ్లు ఆగి వెళ్దాం" అనే మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. ఉమ్రా అయితే ఆగవచ్చు. కానీ ఆ మాట ఫర్జ్ హజ్ గురించి అన్నప్పుడు నా గుండె జారింది. మన హనఫీ ఫిఖ్‌లో ఇస్తితాఅత్ అంటే ప్రయాణ ఖర్చు, తిరిగి వచ్చేదాకా ఇంట్లో వాళ్ల ఖర్చు, తీర్చాల్సిన అప్పులు. 19వ శతాబ్దపు దమాస్కస్ ఫఖీహ్ అల్లామా ఇబ్న్ ఆబిదీన్ షామీ 'రద్దుల్ ముహ్తార్'లో ఈ విషయం సాఫ్‌గా రాశారు. బంధువులకూ దోస్తులకూ కానుకలు తేవడమనే అలవాటు అసలు అవసరాల్లో రాదు, దానికి డబ్బు చాలలేదని హజ్ వదిలేయడం ఉజ్ర్ కాదు. అంటే ఈ జబ్బు మన కోదాడ బస్టాండులో పుట్టింది కాదు, రెండు వందల ఏళ్ల కింద షామ్‌లోనూ ఉండేది. అప్పుడే జవాబు చెప్పేశారు, మనం వినలేదు.

వెంటనే ఎవరో అంటారు: "తోహ్ఫా ఇవ్వడం సున్నత్ కదా భాయ్?" సున్నతే. తోహ్ఫాతో ముహబ్బత్ పెరుగుతుందని హదీసులో ఉంది, నేను ఇన్కార్ చేయడం లేదు. హజ్ రోజుల్లో కొనుగోలు, అమ్మకం చేసినా గునాహ్ లేదని సూరె బఖరాలోనే ఉంది. నా గొడవ తోహ్ఫాతో కాదు. ఇవ్వకపోతే మొహం తిప్పుకునే తోహ్ఫాతో. దాన్ని తోహ్ఫా అనరు, వసూలీ అంటారు.

ఇక హిసాబ్ చూద్దాం. మా ఊరి నుంచి ఒక మియా-బీవీ వెళ్లారనుకోండి. లిస్టులో 52 ఇళ్లు. ఇంటికి అర కిలో అజ్వా, ఒక జానమాజ్, ఒక తస్బీహ్, ఒక టోపీ. జానమాజ్ మామూలుది నాలుగు వందల గ్రాములు, తస్బీహ్, టోపీ, కవరు కలిపి వంద గ్రాములు. మొత్తం ఇంటికి కిలో. అంటే 52 కిలోలు. టికెట్ మీద ఒక్కొక్కరికి 30 కిలోలు, ఇద్దరికీ 60. అందులో రెండు ఖాళీ సూట్‌కేసుల బరువే ఎనిమిది కిలోలు. బట్టలు, ఇహ్రామ్, చెప్పులు, మందులు పదహారు. మిగిలింది 36 కిలోలు. పదహారు కిలోలు ఎక్కువ.

డబ్బు కూడా చూడండి. అజ్వా కిలో 40 రియాల్, జానమాజ్ 15, తస్బీహ్-టోపీ 5 అని పెట్టుకుందాం. మొత్తం 2,080 రియాల్. రియాల్‌కు 24 రూపాయలు వేసుకుంటే దాదాపు యాభై వేలు. అదనపు బరువుకు కౌంటర్లో కిలోకు 50 రియాల్ అడిగారనుకోండి, పదహారు కిలోలకు 800 రియాల్. ఆ పదహారు కిలోల సామాను ఖరీదు ఎంత? 640. సామాను కంటే దాన్ని మోసిన కిరాయి ఎక్కువ. నేను వేసిన ధరలు మీ ఏడాదికి మారవచ్చు, కానీ కాగితం పెన్సిల్ తీసుకుని మీ లిస్టుతో వేసి చూడండి, కథ పెద్దగా మారదు.

జిద్దా ఎయిర్‌పోర్టులో నేల మీద సూట్‌కేసులు తెరుచుకుని, అమ్మీజాన్ చీరలు ఒకవైపు, ఖజూర్ డబ్బాలు ఒకవైపు పెట్టుకుని కూర్చున్న మన వాళ్లను చూసిన వాళ్లకు నా కోపం అర్థమవుతుంది. ఇరవై రోజుల ఇబాదత్ తర్వాత ఆఖరి గంట ఆ తూకం దగ్గర గొడవలో పోతుంది. దీనికి ఇలాజ్ ఐదు వందల రూపాయల్లోపు దొరికే చేతి త్రాసు. హోటల్ గదిలోనే తూచండి. ఇంకో మాట. కొన్ని టికెట్లలో బరువు మొత్తంగా లెక్కిస్తారు, ఒకే బుకింగ్‌లో ఉన్న వాళ్లు కలిపి సర్దుకోవచ్చు. కొన్నింట్లో పెట్టెల లెక్క. అక్కడ భార్య పెట్టెలో ఐదు కిలోలు ఖాళీ ఉన్నా భర్త పెట్టె బరువుకు అది పనికిరాదు. మీది ఏ రకమో వెళ్లకముందే ఏజెంటును అడిగి టికెట్ మీద చూపించమనండి. ఏ పెట్టె అయినా 32 కిలోలు దాటితే డబ్బు కట్టినా సాధారణంగా తీసుకోరు. బెడ్‌షీట్‌లో చుట్టి తాళ్లతో కట్టిన మూటలను కూడా జిద్దాలో వెనక్కి పంపిస్తారు.

జమ్‌జమ్ సంగతి వేరు. ఎయిర్‌పోర్టులో అమ్మే ఐదు లీటర్ల సీల్డ్ డబ్బానే తేవాలి, మనిషికి ఒకటి. బట్టల మధ్య సీసాల్లో పెట్టి తెస్తే స్కానింగ్‌లో కనిపిస్తుంది, తీసేస్తారు. ఐదు లీటర్లను 52 ఇళ్లకు పంచితే ఇంటికి వంద మిల్లీలీటర్లు కూడా రాదు. అందుకే కొందరు మామూలు నీళ్లు కలుపుతారు. కలపండి, కానీ కలిపామని చెప్పి ఇవ్వండి. చెప్పకపోతే అది ధోకా.

బేరం గురించి. హరమ్ చుట్టుపక్కల "రెండు రియాల్" దుకాణాల్లో బేరం ఉండదు. మిగతా చోట ఉర్దూ చాలు, అమ్మే వాళ్లలో చాలామంది బంగ్లా, పాకిస్తానీ, బర్మా మూలాల వాళ్లే. డజను ధర అడగండి, ఒకటి ధర కాదు. ఒక షాపులో డజను ధర తెలుసుకుని, రెండో షాపులో ఇంకోసారి అడిగి, ఆ తర్వాతే కొనండి. ఆఖరి రోజు కొంటే బేరం మీ చేతిలో ఉండదు, బస్సు హారన్ చేతిలో ఉంటుంది. అయితే ఒక హద్దు ఉంది. ఒక భాయి మాట్లాడుకుంటున్న సౌదాలోకి దూరడం, "పక్క షాపులో పదికే ఇస్తానన్నాడు" అని ఝూట్ చెప్పడం, ఇవి బేరం కాదు. హరమ్ నీడలో ఐదు రియాళ్ల కోసం అబద్ధం ఆడేంత మహా జరూరీ సామాను ఏదీ లేదు. పైగా ఆ జానమాజ్‌ను తిరగేసి లేబుల్ చూడండి. చాలావాటి మీద చైనా అనో, టర్కీ అనో ఉంటుంది. అలాంటిదే హైదరాబాద్ పత్తర్‌గట్టీలో దొరుకుతుంది, బరువు మోయకుండా.

ఖజూర్ మాత్రం అక్కడిదే. మదీనాలో కొనండి, మక్కాలో కాదు. అజ్వా చిన్నది, కాస్త గుండ్రం, నల్లగా ఉండి ఒంటి మీద సన్నని తెల్లటి గీతలుంటాయి. సఫావీ కూడా నల్లదే, కానీ పొడుగ్గా, పెద్దగా ఉంటుంది, ధర తక్కువ. తెలియని వాళ్లకు సఫావీని అజ్వా అని అంటగడతారు. రుచి చూపించమని అడగడం అక్కడ తప్పు కాదు. గట్టిగా, పైన చక్కెర పేరుకుని ఉంటే పాత సరుకు. తూకం డబ్బా లేకుండా వేయించండి.

కార్గోలో పంపితే సరిపోదా అంటారు. అక్కడే చాలామంది మునుగుతారు. "గిఫ్ట్" అని రాసి కొరియర్‌లోనో పోస్టులోనో పంపితే మాఫీ ఉంటుందనే మాట పాతది. 2019 డిసెంబర్ నుంచి రాఖీ, ప్రాణం కాపాడే మందులు తప్ప గిఫ్టు పేరుతో డ్యూటీ లేకుండా సామాను రాదు. అంటే కార్గో చార్జీ అక్కడ, డ్యూటీ ఇక్కడ. అందుకునే వాళ్ల గుర్తింపు కార్డు కాగితాలూ అడుగుతారు. రంజాన్‌కని పంపిన ఖజూర్ బక్రీద్‌కు చేరితే ఆశ్చర్యపోకండి. ఇంకొకరి పార్సెల్ మీ పెట్టెలో పెట్టుకోవడం అసలే వద్దు, ఎంత దగ్గరి మనిషైనా. లోపల ఏముందో కస్టమ్స్ దగ్గర జవాబు చెప్పాల్సింది మీరే.

బంగారం తెస్తామనే బాజీలకు కూడా ఒక మాట. నగలకు డ్యూటీ మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చిన వాళ్లకు. పదిహేను రోజుల ఉమ్రాకు వెళ్లిన మనకు అది వర్తించదు. ఇంట్లో నుంచి వేసుకెళ్లిన నగలకు వెళ్లేటప్పుడే శంషాబాద్ కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే వచ్చేటప్పుడు తక్రార్ ఉండదు.

ఇక ట్యాక్స్ వాపస్ వస్తుందని ఎవరో చెప్పగానే ఎక్కువ కొనేవాళ్లు. సౌదీలో 2020 జూలై నుంచి వ్యాట్ 15 శాతం, ధరలోనే కలిసి ఉంటుంది. మన 2,080 రియాళ్లలో దాదాపు 271 పన్నే. 2025లో టూరిస్టులకు వాపస్ ఇచ్చే దారి తెరిచారు, కానీ ఆ ఏర్పాటులో చేరిన దుకాణంలో పాస్‌పోర్టు చూపించి కొంటేనే. హరమ్ బయట బండి మీద కొన్న తస్బీహ్‌కు రాదు. దుబాయ్ మీదుగా ఊర్లోకి దిగి కొన్నవాళ్లకు పద్ధతి పాతదే: ఒక బిల్లు కనీసం 250 దిర్హం ఉండాలి, పెట్టె కౌంటర్లో ఇవ్వకముందే ఎయిర్‌పోర్టులో చూపించి ఖరారు చేయించుకోవాలి. 1,050 దిర్హం సామానులో పన్ను 50. అందులో 87 శాతం, అంటే 43.50, దాంట్లోంచి 4.80 ఫీజు పోతే చేతికి 38.70. ఎయిర్‌పోర్టు బయటికి రాకుండా విమానం మారేవాళ్లకు అదీ లేదు. ఈ ముప్పై ఎనిమిది దిర్హాల కోసం వెయ్యి ఖర్చు పెట్టడాన్ని బచత్ అంటారా?

మళ్లీ అదే 52 ఇళ్లు చూడండి. ఇంటికి ఏడు అజ్వాలు. కిలోకు సుమారు 125 పండ్లు వస్తాయి, మొత్తం 364 పండ్లు, అంటే మూడు కిలోలు, 120 రియాల్. చిన్న కాగితం పొట్లం, ఒక మూత జమ్‌జమ్. 52 కిలోల చోట మూడు కిలోలు, యాభై వేల చోట మూడు వేలు. "ఇంతేనా?" అనే ఖాలా ఒకరుంటారు, ప్రతి ఖాన్‌దాన్‌లో ఉంటారు. ఆమెకు జవాబు ముందే ఇవ్వాలి. పూలదండ వేయించుకునే రోజే, దావత్‌లో బిర్యానీ తినకముందే, ఇంటి పెద్ద లేచి చెప్పాలి: "మేము మీ అందరి పేరున దుఆ చేస్తాం, ఏడు ఖజూర్‌లు తెస్తాం, అంతకు మించి ఎవరూ ఇంతెజార్ చేయొద్దు." కోదాడ, సూర్యాపేట మస్జిదుల్లో హజ్ తర్బియత్ పెట్టే ఉలమా హజ్రత్‌లు తవాఫ్, సఈ నేర్పేటప్పుడు ఇబ్న్ ఆబిదీన్ రాసిన ఆ మసలాను కూడా ఐదు నిమిషాలు చెప్పాలి. వెళ్లే వాళ్ల ముందే కాదు, దండలు పట్టుకుని వచ్చిన వాళ్ల ముందు కూడా.