చాక్లెట్‌తో పోయే భయమేనా అది?

జూన్ వచ్చిందంటే చాలు, ఒకటో తరగతి గదుల్లో ఒక కథ వినపడి తీరుతుంది. మీకూ తెలిసిందే. బాబు మొదటిరోజు బడికి వస్తాడు, భయపడతాడు, ఏడుస్తాడు. టీచరమ్మ నవ్వుతూ దగ్గరికి తీసుకుని చేతిలో చాక్లెట్ పెడుతుంది. అంతే, ఏడుపు మాయం! సాయంత్రం ఇంటికి పరుగెత్తుకెళ్ళి, "అమ్మా, రేపు కూడా బడికి వెళ్తా" అంటాడు. నీతి: బడి అంటే భయపడకూడదు.

ఇంత ముచ్చటైన కథ మీద నీకెందుకమ్మా అంత కోపం అంటారేమో. కోపమే మరి! మొదటిరోజు విన్నవాళ్ళలో సగంమంది రెండోరోజు కూడా ఏడుస్తారు. కథలో బాబుకి ఒక్క పూటలో పోయిన భయం తనకి పోలేదంటే, లోపం తనలోనే ఉందనుకుంటుంది ఆ పసిది. ధైర్యం చెప్పాల్సిన కథ సిగ్గు నేర్పి ఊరుకుంటుంది.

పైగా ఆ కథలో బాబు దేనికి భయపడ్డాడో ఎవరూ చెప్పరు. ఊరికే భయపడ్డాడట! ఊరికే ఎవరైనా భయపడతారా అండీ? అన్నం తినకపోతే "ఉండు, సారుకి చెప్తా, తోలు తీస్తాడు" అన్నదెవరు? అల్లరి చేస్తే "జూన్ రానీ, బళ్ళో పడేస్తా, నీ రోగం కుదురుతుంది" అన్నదెవరు? మనమే కదూ! వెనకటి వీధిబడుల్లో కోదండం వేసేవారు, అప్పటి పిల్లలు వణికారంటే అర్థం ఉంది. ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మనసుకి బాధ కలిగేలా వేధించడాన్నీ నిషేధించింది. బడిలోంచి బెత్తం తీసేయమని చట్టం చెప్పింది సరే, మన నోట్లో బెత్తాన్ని ఎవరు తీస్తారు?

ఇంకో సంగతి. ఈ భయం అందరికీ ఒకటి కాదు. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విడివిడి జిల్లాలయ్యాయి. ఆ మూడు చోట్లే చూడండి. జనగామ పట్నంలో పిల్లవాడికి భయం ముందు ఆటోతో మొదలవుతుంది. తెలియని మనిషి, ఇరుకులో పదిమంది పిల్లలు, అమ్మ వెనక్కి వెనక్కి పోతూ కనపడదు. భూపాలపల్లి బొగ్గుగనుల కాలనీలో నాన్న ఏ షిఫ్టులో ఉన్నాడో, సాయంత్రం గేటు దగ్గరికి ఎవరొస్తారో అన్నది దిగులు. మహబూబాబాద్ తండా నుంచి వచ్చిన లంబాడీ పాప సంగతి మరీనూ. ఇంట్లో అమ్మని "యాడి" అంటుంది, నీళ్ళని "పాణి" అంటుంది. బడిలో మాట తెలుగు. 2022లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలయ్యాక పుస్తకంలో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. ఆ పాపకి రెండూ పరాయివే. దాహం వేస్తే ఎలా అడగాలి? ఒకటికొస్తే ఎవరితో చెప్పాలి? యాడి ఎప్పుడొస్తుంది? చాక్లెట్ ఈ మూడింటిలో దేనికి జవాబు?

అందుకే నన్నడిగితే, తండా పక్కనున్న బడిలో కథ ఇలా చెప్పాలంటాను, అక్కడి మాటల్లోనే:

"ఒక తండాల ఒక పాప ఉన్నది. పాప బడికొచ్చింది. యాడి చెయ్యి గట్టిగ పట్టుకున్నది. యాడి అన్నది: 'నేను పోతున్న. నువ్వు అన్నం తిన్నంక, పెద్ద గంట కొట్టినంక వస్త.' యాడి పోయింది. పాప ఏడ్చింది. సారు ఏడ్వొద్దు అనలే, పక్కన కూసున్నడు. పాపకు దూపైంది. 'పాణి' అన్నది. సారు నీళ్ళు చూపిచ్చిండు. పాపకు ఒకటికొచ్చింది. పక్కపిల్ల చెయ్యి పట్టుకొని తీస్కపోయింది. అన్నం తిన్నరు. పెద్ద గంట కొట్టిండ్రు. గేటుకాడ యాడి నిలబడ్డది. తెల్లారి పాప మళ్ళ ఏడ్చింది. కానీ నిన్నటంత సేపు ఏడ్వలే."

అంతే కథ. అయిదు నిమిషాలు కూడా పట్టదు. చాక్లెట్ లేదు, నీతి లేదు. కానీ నీళ్ళెక్కడున్నాయో ఉంది, ఒకటికి ఎలా వెళ్ళాలో ఉంది, అమ్మ ఎప్పుడొస్తుందో ఉంది. గడియారం తెలియని పిల్లకి "నాలుగింటికి" అంటే ఏం తెలుస్తుంది? అన్నం తెలుసు, గంట తెలుసు. వాటితో చెప్పాలి.

ఈ కథని మొదటివారం రోజూ అవే మాటల్లో చెప్పాలి. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిన కథ పసివాళ్ళకి ఊరట. పై తరగతి లంబాడీ అమ్మాయిని పిలిచి వాళ్ళ భాషలో ఒకసారి చెప్పిస్తే మరీ మంచిది. కోయగూడెం పిల్లలుంటే కోయలో చెప్పగలిగే పిల్లని పిలవాలి. చెప్పేటప్పుడు నీళ్ళ దగ్గరికీ, గేటు దగ్గరికీ నడిపించి చూపించాలి. చివర్లో "మీలో ఎవరికి భయం?" అని మాత్రం అడగకూడదు. పదిమందిలో ఎవరు చెయ్యెత్తుతారు? "పాపకి దేనికి భయమేసింది?" అని అడగండి. పాప పేరు చెప్పి తన భయమే చెప్పేస్తారు.

భయం గురించి చెబితే లేని భయం పుడుతుందని వాదించేవాళ్ళున్నారు. ఉన్నది లేదంటే పోతుందా? జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో అచ్చువేసిన పుస్తకం మన తెలుగులో "రైలుబడి"గా వచ్చింది, చదివే ఉంటారు. ఒక బడిలోంచి పంపించేసిన పిల్ల కొత్త బడికొస్తే, హెడ్మాస్టరు కొబయాషి గారు నీతులు చెప్పలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఆ పిల్ల చెప్పేదంతా నాలుగు గంటలపాటు విన్నారు. అంత తీరిక మనకెక్కడిదంటారా? కనీసం అయిదు నిమిషాల కథైనా నిజం చెప్పొచ్చు కదా!

అయితే కథకీ హద్దుంది. గంట కొట్టాక యాడి వస్తుందని చెప్పి, ఆవిడ పత్తిచేలో కూలికెళ్ళి రాలేకపోతే కథ అబద్ధమైపోతుంది. అవ్వ వచ్చేట్టుంటే కథలోనూ అవ్వే రావాలి. పిల్ల చూడనప్పుడు తల్లి చాటుగా జారుకున్నా అంతే. మర్నాడు కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

గొంతెత్తి ఏడ్చేవాళ్ళ సంగతి ఎవరైనా చూస్తారు. మూల కూర్చుని నోరు విప్పక, అన్నం ముట్టక, తడిసిన గౌనుతో ఉండిపోయే పిల్లని "ఎంత బుద్ధిమంతురాలో!" అంటారు చూడండి, అక్కడ ఆగి చూడాలి. సెలవురోజు హాయిగా ఆడుకుని, బడి ఉన్న పొద్దున మాత్రం కడుపునొప్పి అంటే దొంగవేషాలనకండి. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించాలి. ఈలోగా బడిలో నిజంగా ఎవరైనా కొడుతున్నారేమో, వెక్కిరిస్తున్నారేమో కనుక్కోవాలి. అప్పుడు మార్చాల్సింది కథని కాదు, బడిని.

చాక్లెట్ ఇవ్వొద్దనను. ఇవ్వండి, పాపం! ఏడుపు ఆపడానికి మాత్రం కాదు, తినడానికి.