టీసీ ఇచ్చి చేతులు దులుపుకోకండి

మా అక్క కొడుక్కి పోయినేడు పద్దెనిమిదేళ్లు నిండాయి. మేధో వైకల్యం ఉన్న పిల్లవాడు. పెద్దపల్లి జిల్లాలో మా ఊరి బడికీ, మండలంలోని భవిత కేంద్రానికీ ఏళ్ల తరబడి తిరిగాడు. చివరికి బడి వాడి చేతిలో టీసీ పెట్టింది. అక్షరాలు చూసి రాస్తాడు. కానీ ఆ రోజుకీ వాడి లాగు నాడా కట్టేది అక్కే, నెత్తి మీద నీళ్లు పోసేది అక్కే.

టీచర్ల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. నా కోపమంతా పద్నాలుగేళ్లు దాటిన పిల్లవాడితో ఇంకా అవే అక్షరాలు దిద్దించిన పద్ధతి మీద. 2016 వికలాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు ఇస్తుంది. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు మార్కెట్‌తో ముడిపడిన ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అదే చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. మా వాడి దాకా ఆ శిక్షణ రాలేదు. అమెరికాలో పిల్లవాడికి 16 ఏళ్లు వచ్చేసరికి, బడి తర్వాత ఏం చేస్తాడు, ఎక్కడ ఎలా బతుకుతాడన్నది అతని చదువు ప్రణాళికలో రాసి ఉండాలి. మన దగ్గర ఆ కాగితం కోసం అడిగితే నన్ను వింతగా చూశారు.

సరే, మేమే మొదలుపెట్టాం. ఒకే పని ఎంచుకున్నాం: కిరాణా దుకాణం నుంచి చాయ్‌పత్తి ప్యాకెట్ తేవడం. మనకు అది ఒక్క పని. వాడికది చెప్పులు వేసుకోవడం, నోటు జేబులో పెట్టుకోవడం, దుకాణం దాకా నడవడం, తన వంతు వచ్చేదాకా నిలబడటం, అడగడం, నోటివ్వడం, ప్యాకెట్టూ చిల్లరా తీసుకోవడం, తెచ్చి అమ్మకివ్వడం. అందుకే చివరి నుంచి నేర్పాం. మొదట్లో అన్నీ నేనే చేసి, ప్యాకెట్ మాత్రం వాడిచేత అమ్మకు ఇప్పించేవాణ్ని. అమ్మ నవ్వుతుంది, పని పూర్తయిందని వాడికి తెలుస్తుంది. అది కుదిరాక చిల్లర తీసుకోవడం, ఆ తర్వాత నోటివ్వడం, ఇలా ఒక్కో అడుగూ వెనక్కి. ఒకటి, రెండు రూపాయల బిళ్లలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి నోట్లతోనే మొదలుపెట్టాం. ఏ నోటివ్వాలో దాని ఫొటో అట్ట మీద అంటించి ఇచ్చాం.

ఎక్కడ చెడిందో చెప్తాను. ప్రతి అడుగుకూ వాడు నా మొహం చూసేవాడు. నా సైగే వాడికి పనిలో భాగమైపోయింది. అది గమనించాక పక్కన నిలబడటం మానేసి వెనక నిలబడ్డాను, తర్వాత వీధి మలుపులో. దుకాణదారు జాలిగుండె ఇంకో అడ్డం. వాడు నోరు తెరవకముందే ప్యాకెట్ చేతిలో పెట్టేవాడు. "అన్నా, వాడు అడిగేదాకా ఇయ్యకు, మనసుల పది లెక్కపెట్టు" అని బతిమాలాను. మూడు నెలలకు ఆ దుకాణం కుదిరింది. రెండో దుకాణానికి తీసుకుపోతే కొయ్యబారిపోయాడు. ఒకచోట వచ్చిన పని ఇంకోచోట దానంతట అది రాదు, మళ్లీ నేర్పాలి. ఇంత ఓపిక బడికి నాలుగేళ్లు ఉండేది. ఆ నాలుగేళ్లు అక్షరాల కింద పోయాయి.

స్నానం సంగతి ఇంకా బరువైనది. మీసాలొచ్చిన పిల్లవాడికి వాకిట్లో అందరి ముందూ నీళ్లు పోస్తుంటే, ఒళ్లు తనదని, ఎవరూ ముట్టకూడదని వాడికి ఎట్లా తెలుస్తుంది? తలుపు వేసుకోవడం నేర్పకుండా "ఎవరైనా ఏమన్నా చేస్తరేమో" అని భయపడితే లాభం లేదు.

అక్క అడిగే మాట ఒకటే: "తమ్మీ, మేం పోయినంక వీని గతేంది?" పింఛను 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు, అది ప్రశ్నకు జవాబు కాదు. పద్దెనిమిది నిండితే తల్లిదండ్రులు చట్టం ముందు తమంతట తామే సంరక్షకులు కారు. ఆ సంగతి బడి ఎవరికీ చెప్పదు. సంరక్షకులు కావాలంటే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. అయితే ప్రతిదానికీ సంరక్షకుడు అక్కర్లేదు. వాడితో కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షణను 2016 చట్టమే గుర్తించింది. ఏ చొక్కా కావాలో, ఏం తినాలో వాడే చెప్పగలడు. అది లాక్కోవద్దు.

ఇప్పుడు మా వాడు రెండు దుకాణాలకూ ఒంటరిగా పోతాడు, నాడా తనే కట్టుకుంటాడు. రాజీవ్ రహదారి దాటడం మాత్రం ఇంకా రాలేదు. పని దొరికితే అవతలి రైస్‌మిల్లులోనే దొరకాలి. రోజూ పొద్దున వాణ్ని రోడ్డంచుకు తీసుకుపోయి నిలబెడుతున్నాను. లారీ పోయేదాకా ఆగడం ఈ మధ్యే మొదలుపెట్టాడు.