రీల్ చూసి వచ్చిన బేరాన్ని గుమ్మంలోనే పోగొట్టుకోవద్దు

చేనేత చీరలను ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించి, సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్న అక్కలకు, అన్నలకు,

ప్రకటనల ఖర్చు పెంచే ముందు మీ యాడ్స్ మేనేజర్ తెరిచి Link clicks, Landing page views అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది లింకు నొక్కినవారి లెక్క, రెండోది పేజీ తెరుచుకునేదాకా ఆగినవారి లెక్క. రెండోది బాగా తక్కువగా ఉంటే, చాలామంది చీర కనబడకముందే వెళ్లిపోతున్నారన్నమాట.

చాలాసార్లు కారణం ఫొటోలే. ఒక మంగళగిరి నిజాం అంచు చీరకు ఎనిమిది ఫొటోలు తీశారనుకోండి. ఫోన్‌లో తీసినవి తీసినట్టే ఎక్కిస్తే, ఒక్కోటి 4 ఎంబీ చొప్పున 32 ఎంబీ అవుతాయి. సెకనుకు 1 ఎంబీ అందే డేటాలో అవి దిగడానికి అరనిమిషం దాటుతుంది. వాటినే 1,000 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి వెబ్‌పీలోకి మారిస్తే ఒక్కోటి 150 కేబీ దగ్గరికి రావచ్చు. ఎనిమిదీ కలిపి 1.2 ఎంబీ. నేత, జరీ దగ్గరగా చూపే పెద్ద ఫొటో నొక్కినప్పుడు తెరుచుకుంటే చాలు. కింది ఫొటోలకు `loading="lazy"` పెట్టించండి. మొదటి ఫొటోకు మాత్రం వద్దు, అది ఇంకా ఆలస్యమవుతుంది. పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. PageSpeed Insightsలో మీ చీర పేజీ లింకు వేస్తే ఎంత పడుతోందో తెలుస్తుంది.

పేజీ తెరుచుకున్నాక అసలు చిక్కు డబ్బు కట్టే దగ్గర. ఇన్‌స్టాగ్రామ్‌లో నొక్కిన లింకు సాధారణంగా ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. క్రోమ్‌లో దాచుకున్న లాగిన్, చిరునామా అక్కడ ఉండవు. అలాంటి కొనుగోలుదారును ఖాతా తెరవమని, పాస్‌వర్డ్ పెట్టమని అడిగితే ఎందుకు ఆగుతుంది? ఖాతా లేకుండానే కొననివ్వండి. పేరు, ఫోను, పిన్‌కోడ్, ఇంటి చిరునామా చాలు. పిన్‌కోడ్‌ను బట్టి జిల్లా, రాష్ట్రం వాటంతటవే పడాలి. కొరియర్ ఖర్చు చివరి మెట్టులో బయటపెట్టడం నా దృష్టిలో అన్యాయం కూడా. చీర ధర పక్కనే చెప్పండి.

యూపీఐ మీట నొక్కితే ఫోన్‌పే, గూగుల్ పే తెరుచుకోకపోవడం కూడా ఈ లోపలి బ్రౌజర్లలో జరుగుతుంది. అదే ఫోన్ తెరమీద క్యూఆర్ చూపితే కెమెరాతో స్కాన్ చేయడానికి కొనేవారికి రెండో ఫోన్ కావాలి. మీ పేమెంట్ గేట్‌వే వారిని అడిగి సరిచేయించండి. అది కుదిరేదాకా, మూడు చుక్కల మెనూ నుంచి బయటి బ్రౌజర్‌లో తెరవమని మీట పక్కనే రాయండి. అక్కడికి వెళ్తే బుట్ట ఖాళీ అయిపోకుండా, ఎంచుకున్న చీర లింకులోనే ఉండేలా చేయించండి.

ఇదంతా ఆఫీసు వైఫైలో, లాగిన్ అయి ఉన్న మీ ఫోన్‌లో చూస్తే బయటపడదు. ఈ వారమే లింకును స్టోరీలో పెట్టి, ఇంట్లో ఎవరిదైనా తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, ఇన్‌స్టాగ్రామ్ నుంచే తెరిచి నిజంగా డబ్బు కట్టి ఒక చీర కొనండి. తర్వాత ఐఫోన్‌లోనూ అదే చేయండి. ఎక్కడ ఆగిపోతే ముందు అక్కడ బాగుచేయించండి. ప్రకటనకు డబ్బు ఆ తర్వాతే పెట్టండి.