పెద్ద మిషన్ అయితే పెద్ద రేడియేషనా?

మా దువ్వాడలో ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. ఎక్స్‌రేలో కొంచెం రేడియేషన్, అల్ట్రాసౌండ్‌లో ఇంకొంచెం, సీటీలో బాగా ఎక్కువ, ఎంఆర్‌ఐలో అయితే ఇక చెప్పక్కర్లేదు. ఈ వరస ఎక్కడిదా అని చూస్తే అది బిల్లుల వరస. ఎక్స్‌రే వందల్లో అయిపోతుంది, ఎంఆర్‌ఐ వేలల్లో ఉంటుంది. డబ్బు పెరిగితే రేడియేషనూ పెరగాలి కదా అని మనవాళ్ళ లెక్క. దానికి తోడు ఎంఆర్‌ఐ మిషన్ సొరంగంలా ఉంటుంది, డబడబా మోగుతుంది. అంత చప్పుడు చేసేది ఊరికే పోతుందా!

ఇరవై ఏళ్ళుగా స్కానింగ్ గదుల్లో పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి ఈ మాట రోజూ నా చెవిన పడుతుంది. "ఎంఆర్‌ఐ వొద్దు బాబూ, పిల్లడు తట్టుకోలేడు, సీటీతో కానిచ్చీండి" అని బతిమాలే మామ్మలు నాకు కొత్త కాదు. రేడియేషన్‌కి భయపడి, అసలు రేడియేషనే లేనిదాన్ని వద్దని, నాలుగింటిలోకీ ఎక్కువ ఉన్నదాన్ని అడిగి మరీ చేయించుకుంటున్నారు. నా పేచీ ఈ భయంతో కాదు. పిల్లల విషయంలో భయం ఉండాల్సిందే. అది తప్పు గుమ్మం ముందు నిలబడిందన్నదే నా బాధ.

గుమ్మాల సంగతే చూడండి. ఏ స్కానింగ్ సెంటరులోనైనా వరండాలో నడుస్తూ తలుపుల మీద ఏముందో చదవండి. ఎక్స్‌రే గది మీదా, సీటీ గది మీదా మూడు రెక్కల రేడియేషన్ గుర్తు, పైన ఎర్రదీపం ఉంటాయి. ఆ రెండు మిషన్లకూ అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. అల్ట్రాసౌండ్ గది దగ్గర ఆ గుర్తు ఉండదు. అక్కడ ఉండేది 1994 చట్టం ప్రకారం పెట్టిన లింగ నిర్ధారణ నిషేధం బోర్డు. ఎంఆర్‌ఐ తలుపు మీద అయస్కాంతం బొమ్మ ఉంటుంది, ఇనుప వస్తువులు లోపలికి తేవద్దని రాసి ఉంటుంది. చదవగలిగిన వాడికి సగం జవాబు తలుపు మీదే ఉంది.

అల్ట్రాసౌండ్ అంటే శబ్దం. మన చెవికి అందనంత సన్నని శబ్దాన్ని ఒంట్లోకి పంపి, దాని ప్రతిధ్వనితో బొమ్మ కడతారు. మధ్యలో గాలి ఉంటే శబ్దం ఆగిపోతుంది కనక ఆ చల్లటి జెల్ రాస్తారు. ఎంఆర్‌ఐలో ఉండేవి పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు. మామూలుగా వాడే ఒకటిన్నర టెస్లా మిషన్‌లో ఆ తరంగాలు సుమారు 64 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి, అంటే మన ఎఫ్‌ఎం స్టేషన్లకు కాస్త కింద. కణంలోని జన్యుపదార్థాన్ని విరగ్గొట్టే శక్తి ఈ రెండింటికీ లేదు. ఆ శక్తి ఎక్స్‌రేకి ఉంది. సీటీలో ఉండేదీ ఆ ఎక్స్‌రేనే. మామూలు ఎక్స్‌రేలో కిరణం ఒక దిక్కు నుంచి లిప్తపాటు వచ్చి పోతుంది. సీటీలో ట్యూబు తల చుట్టూ తిరుగుతూ వందల దిక్కుల నుంచి కొడుతుంది. తేడా అంతా అక్కడే.

ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే ఒంటికి అందేది సుమారు 0.02 మిల్లీసీవర్ట్. మట్టి నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ అందుతుంటాయి. అంటే ఛాతీ ఎక్స్‌రే మూడు రోజుల బతుకు. సరిగ్గా తీసిన తల సీటీ 2 మిల్లీసీవర్టుల దగ్గర ఉంటుంది, అంటే పది నెలల బతుకు, లేదా వంద ఛాతీ ఎక్స్‌రేలు. దగ్గూ జ్వరంతో వచ్చిన పిల్లకి డాక్టరు ఛాతీ ఎక్స్‌రే రాస్తే "వద్దులెండి" అని వెళ్ళిపోయే తల్లిదండ్రులే, మంచం మీంచి పడితే సీటీ కోసం పట్టుబడతారు.

ఉక్కునగరం పక్కన బతికేవాళ్ళకి ఇంకో భయం కూడా ఉంది, అది కాస్త న్యాయమైనదే. మా వీధిలో ఒక వెల్డరున్నాడు. కొడుక్కి ఎక్స్‌రే తీశాక గంటసేపు వాణ్ణి తల్లి ఒళ్ళో కూర్చోనివ్వలేదు. ఎందుకయ్యా అంటే, "అన్నయ్యా, మా దగ్గర పైపు అతుకులకి ఫిల్ములు తీసేటప్పుడు రాత్రిపూట తాడు కట్టి, దీపం పెట్టి, మమ్మల్ని అవతలికి తోలేస్తారు గదా" అన్నాడు. నిజమే. అతుకులు పరీక్ష చేసేందుకు ఇరిడియం లాంటి సోర్సు వాడతారు. అది రాత్రీ పగలూ కిరణాలు వదులుతూనే ఉంటుంది. దాని పెట్టెలో ఉన్నంతసేపే క్షేమం, బయటికి తీస్తే తాడు కట్టాల్సిందే. ఆసుపత్రి ఎక్స్‌రే ట్యూబు బల్బులాంటిది. స్విచ్చి తీస్తే ఆరిపోతుంది. గదిలోగానీ పిల్లాడి ఒంట్లోగానీ ఏమీ మిగలదు. ఈ సంగతి చెప్పాక అతని ముఖం తేటపడింది.

ఆ వెల్డరు కొడుకుదే అసలు కథ. పిల్లాడికి ఐదేళ్ళు. ఒక ఆదివారం సాయంత్రం ఇంటి ముందు రెండో మెట్టు మీంచి జారి పడ్డాడు. వెంటనే ఏడ్చాడు, నుదుటి మీద బొప్పి కట్టింది. అరగంట తర్వాత ఒకసారి వాంతి చేసుకున్నాడు. ఆసుపత్రిలో పిల్లల డాక్టరు కళ్ళూ, చెవుల వెనకా, తలా తడిమి చూసి, "ఇప్పుడే స్కాన్ అక్కర్లేదు. నాలుగైదు గంటలు ఇక్కడే ఉంచండి, చూద్దాం" అన్నారు. మామ్మ ఒప్పుకోలేదు. "ఊరికే కూకోడమేటి? స్కాన్ తీయించీండి, మనసు కుదుటపడతాది." రాత్రి తొమ్మిదికి వేరే చోటికి తీసుకెళ్ళి సీటీ చేయించారు. లోపల ఏమీ లేదు. అందరి మనసూ కుదుటపడింది.

ఆ డాక్టరు మాట బద్ధకం కాదు. అమెరికాలో 42,412 మంది పిల్లల తలదెబ్బలను వరసగా గమనించి 2009లో లాన్సెట్ పత్రికలో ఒక పద్ధతి ప్రచురించారు. రెండేళ్ళు దాటిన పిల్లల్లో ఆరు సంగతులు చూడమంది అది: మత్తుగా, తికమకగా ఉన్నాడా, స్పృహ తప్పాడా, వాంతులయ్యాయా, తలనొప్పి తీవ్రంగా ఉందా, పుర్రె అడుగుభాగం విరిగిన గుర్తులున్నాయా, దెబ్బ పెద్దదా. పెద్ద దెబ్బంటే ఐదడుగులకు మించిన ఎత్తు నుంచి పడటం, బండి గుద్దడం లాంటివి. ఆరింట్లో ఒక్కటీ లేకపోతే ప్రమాదకరమైన మెదడు దెబ్బ ఉండే అవకాశం పదివేలలో ఐదుకంటే తక్కువ. మా వాడికి వాంతి ఒక్కటే ఉంది. ఆ అధ్యయనంలోనే వాంతి తప్ప మరే లక్షణమూ లేని పిల్లల్ని విడిగా చూస్తే, 815 మందిలో ఇద్దరికి మాత్రమే అలాంటి దెబ్బ తేలింది.

ఆ ఇద్దరి సంగతేమిటి అని మీరు అడుగుతారు. అడగాలి. గంటలు గంటలు ఉంచి చూడటం వాళ్ళకోసమే. వాంతులు ఆగకపోయినా, నిద్రలోంచి లేపితే సరిగా లేవకపోయినా, తలనొప్పి పెరిగినా అప్పుడు సీటీ తీస్తారు, ఆలస్యం చెయ్యరు. పిల్లాడు మత్తుగా ఉంటే, పుర్రె విరిగిన గుర్తుంటే గమనించడమేమీ లేదు, నేరుగా సీటీ టేబుల్ మీదకే. ఆ పిల్లాడి విషయంలో రేడియేషన్ గురించి ఆలోచిస్తూ నిలబడ్డ తండ్రిని నేనే కసురుకుంటాను.

ఇటు పక్క ఖర్చు కూడా సున్నా కాదు. యూరప్‌లో తొమ్మిది దేశాల్లో చిన్నప్పుడు సీటీలు తీయించుకున్న లక్షల మందిని ఏళ్ళ తరబడి అనుసరించారు. 2023లో వచ్చిన ఆ లెక్క ప్రకారం పదివేల మంది పిల్లలకి ఒక్కో తల సీటీ తీస్తే, తర్వాతి ఐదు నుంచి పదిహేనేళ్ళ లోపు వాళ్ళలో సుమారు ఒకరికి దానివల్ల మెదడు క్యాన్సర్ రావచ్చు. చిన్న సంఖ్యే. ఒక్క సీటీ తీయించినందుకు ఏ తల్లీ నిద్ర మానుకోనక్కర్లేదు. కానీ అది పిల్లాడి పద్దులో పడుతుంది, మామ్మ మనశ్శాంతికి.

మర్నాడు తండ్రి ఫిల్ములు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. బొమ్మలన్నీ అయ్యాక చివర బొమ్మలేని పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. అందులో `CTDIvol` 60, `DLP` 1012 అని ఉంది. నాకు చిరాకేసింది. మొదటిది ఒక్కో ముక్కకి ఎంత కిరణం పడిందో చెబుతుంది. దాన్ని స్కాన్ చేసిన పొడవుతో గుణిస్తే రెండోది. ఐదేళ్ళ పిల్లాడి తలకైతే రెండోదాన్ని 0.0040తో గుణిస్తే సుమారుగా మిల్లీసీవర్టులు వస్తాయి. పెద్దవాళ్ళకైతే ఆ గుణకం 0.0021 మాత్రమే. అంటే మిషన్ మీద అదే అంకె కనబడినా, పిల్లాడి ఒంటికి దాదాపు రెట్టింపు.

`1012 × 0.0040 = 4.05`

నాలుగు మిల్లీసీవర్టులు, రెండొందల ఛాతీ ఎక్స్‌రేలు. ఒకటి నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల తలకి యూరప్‌లో పెట్టుకున్న ప్రమాణం `CTDIvol` 40, `DLP` 505. దాని ప్రకారం తీసి ఉంటే రెండుతో పోయేది. ఇక్కడ జరిగింది ఏమిటో చూడగానే తెలుస్తుంది. 60 అనేది పెద్దవాళ్ళ తలకి వాడే స్థాయి. రాత్రిపూట హడావుడిలో ఎవరో పిల్లల ప్రోటోకాల్ ఎంచుకోకుండా పెద్దవాళ్ళది నొక్కేశారు. మొదటి అంకె సరిగ్గా ఉండి రెండోది మాత్రమే పెరిగి ఉంటే, తలతో ఆపకుండా మెడదాకా లాగారని అర్థం. ఎక్కువ కిరణంతో బొమ్మ ఇంకా నున్నగా వస్తుంది కాబట్టి రిపోర్టు రాసేవాళ్ళు కూడా గొణగరు. టేబుల్ మీద పిల్లాణ్ణి పడుకోబెట్టేటప్పుడు "పిల్లల సెట్టింగే కదండీ?" అని ఒక్క మాట అడిగితే ఎవరికీ కోపం రాదు. నాకైతే రాదు.

ఇదంతా విన్నాక అతను తెలివిగానే అడిగాడు: "అలాగయితే అన్నిటికీ ఎంఆర్‌ఐయో అల్ట్రాసౌండో చేయించుకుంటే పోదా?" ఇది రెండో పొరపాటు. పుర్రె ఎముక శబ్దాన్ని ఆపేస్తుంది. మాడు ఇంకా పూడని పసిపిల్లల్లో తప్ప అల్ట్రాసౌండ్‌తో మెదడు చూడలేం. కడుపునొప్పికి, అపెండిక్స్ అనుమానానికి అయితే మొదట చెయ్యాల్సింది అదే. ఎంఆర్‌ఐకి ఐదేళ్ళవాడు అరగంట కదలకుండా పడుకోవాలి. పడుకోడు. మత్తివ్వాలి. మత్తులో ఊపిరి మందగించవచ్చు, పక్కన కనిపెట్టుకుని ఒక డాక్టరుండాలి. అప్పుడే కారే నెత్తురునీ విరిగిన ఎముకనీ సీటీ కొన్ని సెకన్లలో చూపిస్తుంది. ఎంఆర్‌ఐ గదిలో భయపడాల్సింది ఇనుముకి. 2018 జనవరిలో ముంబయిలోని నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్ళిన మనిషిని అయస్కాంతం లాగేసింది, అతను చనిపోయాడు. వెల్డరుకి ఈ సంగతి రేడియేషన్ కన్నా త్వరగా అర్థమైంది.

వెళ్ళేముందు పిల్లాడి టీకాల కార్డు తెప్పించాను. చివరి పేజీలో తేదీ వేసి, తల సీటీ, `DLP` 1012 అని రాయించాను. ఫిల్ములు బీరువాలో పెట్టమన్నాను. పాత స్కాన్ కనబడక, సీడీ తెరుచుకోక, వారం తిరక్కుండానే మళ్ళీ తీసిన సీటీలు నా చేతిమీదుగానే చాలా జరిగాయి. మామ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఇంతకీ ఆ గొట్టం మిషన్లో ఏటీ లేదంటావా?" అంది. లేదన్నాను. నమ్మినట్టు లేదు.