రశీదులో కనబడని రుసుము

కుప్పం నుంచి ఒక సోదరుడు మాకొక రశీదు నకలు పంపారు. ఆయన కుటుంబసమేతంగా ఉమ్రాకు బయలుదేరే ముందు బెంగళూరులో 4,000 సౌదీ రియాళ్లు కొన్నారు. దుకాణం ముందు “కమీషన్ లేదు” అని బోర్డు ఉన్నదట. రశీదులో రియాల్ ధర 24 రూపాయల 80 పైసలు, మొత్తం 99,200 రూపాయలు, దానిపై జిఎస్‌టి 179 రూపాయలు. తిరిగి వచ్చాక మిగిలిన 600 రియాళ్లను అదే దుకాణంలో ఇస్తే, రియాల్‌కు 23 రూపాయల 20 పైసల చొప్పున 13,920 రూపాయలు చేతిలో పెట్టారు. అవే 600 రియాళ్లకు ఆయన మొదట చెల్లించినది 14,880. “ఈ మూడు వారాల్లో డాలరు ధర మారలేదు, రియాల్ ధరా మారలేదు. మరి నా 960 రూపాయలు ఎక్కడికి పోయాయి?” అన్నది వారి ప్రశ్న.

అవి ఎక్కడికీ పోలేదు. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉన్న ఎడంలో నిలిచిపోయాయి. ఈ ఎడాన్నే విపణి భాషలో ‘స్ప్రెడ్’ అంటారు. మన దగ్గర నుంచి వస్తువును తీసుకోవడానికి వ్యాపారి ఇవ్వజూపే ధర ‘బిడ్’. మనకు అమ్మడానికి ఆయన అడిగే ధర ‘ఆస్క్’. ఆస్క్ ఎప్పుడూ బిడ్ కంటే ఎక్కువగానే ఉంటుంది. ఒక వస్తువుకు ఒకే సమయంలో ఒకే ధర ఉంటుందని మనం అనుకుంటాము గాని, వ్యాపారి బల్ల ముందు నిలబడినవారికి ధరలు రెండు. మనం కొనేటప్పుడు పైధర, అమ్మేటప్పుడు కింది ధర వర్తిస్తాయి.

రియాల్ విషయంలో ఈ ఎడాన్ని ఎవరైనా ఇంట్లో కూర్చుని లెక్కించవచ్చు. 1986 నుంచి సౌదీ ప్రభుత్వం ఒక డాలరుకు 3.75 రియాళ్లు అన్న మారకాన్ని స్థిరంగా నిలబెట్టింది. కాబట్టి ఆ రోజు డాలరు రూపాయి ధరను 3.75తో భాగిస్తే రియాల్ అసలు ధర వస్తుంది. ఆ సోదరుడు కొన్ననాడు డాలరు 90 రూపాయల వద్ద ఉన్నది. 90ని 3.75తో భాగిస్తే సరిగ్గా 24 రూపాయలు. దుకాణదారు దీనికి 80 పైసలు పైన అమ్మారు, 80 పైసలు కింద కొన్నారు. మొత్తం ఎడం 1 రూపాయి 60 పైసలు, అంటే అసలు ధరలో దాదాపు 6.7 శాతం. ఉత్తరం రాసిన సోదరుడు తిరిగి ఇచ్చిన 600 రియాళ్లపై పోయిన 960 రూపాయలనే గమనించారు. కాని 4,000 రియాళ్లు కొన్న క్షణానే, ఒక్కొక్క దానిపై 80 పైసల చొప్పున 3,200 రూపాయలు చెల్లించి ఉన్నారు. రశీదులో కనబడిన జిఎస్‌టి 179 రూపాయలు మాత్రమే! “కమీషన్ లేదు” అన్న బోర్డులో అబద్ధం లేదు. రుసుమును వేరుగా అడగకుండా ధరలోనే కలిపివేశారు, అంతే.

జిఎస్‌టి నిబంధనలే ఈ సంగతిని పరోక్షంగా ఒప్పుకుంటాయి. కమీషన్ రాయని మారకంలో కూడా సేవ జరిగిందనే చట్టం భావిస్తుంది. లక్ష రూపాయలలోపు మారకానికి అందులో ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకుని దానిపై 18 శాతం పన్ను వేసే పద్ధతి ఉన్నది. 99,200లో ఒక శాతం 992, దానిపై 18 శాతం సుమారు 179. అంటే పన్ను లెక్కలో సేవ విలువ 992 రూపాయలైతే, మన సోదరుడు వాస్తవంగా ఇచ్చుకున్నది 3,200.

అయితే ఈ ఎడమంతా మోసమేనా? కాదు. మదనపల్లె టమాటా మార్కెట్టును చూసినవారికి ఇందులోని న్యాయం సులభంగా బోధపడుతుంది. తెల్లవారుజామున పెట్టెలు దించిన రైతు మంచి ధర వచ్చేదాకా వారం రోజులు వేచి ఉండలేడు. ఇప్పుడే, ఇక్కడే కొనేవాడు కావాలి. కొన్న వ్యాపారి ఆ సరుకును లారీకెత్తించి దూరపు నగరానికి పంపాలి. దారిలో కొంత చెడుతుంది. చేరేలోగా ధర పడిపోవచ్చు. తక్షణం కొనడానికి సిద్ధంగా ఉన్నందుకూ, ఆ నష్టభయాన్ని మోసినందుకూ అతడు తీసుకునే ప్రతిఫలమే రెండు ధరల మధ్య ఎడం. 1968లో హెరాల్డ్ డెమ్‌సెట్జ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిని పరిశీలించి చెప్పినదీ ఇదే: స్ప్రెడ్ అనేది వేచి ఉండకుండా లావాదేవీ ముగించుకున్నందుకు చెల్లించే ధర. చేతులు మారే సరుకు ఎక్కువయ్యేకొద్దీ ఎడం తగ్గుతుంది. ధర నిలకడ లేనప్పుడు పెరుగుతుంది. టమాటా కిలో వంద రూపాయలు దాటిన 2023 జూలై వంటి రోజుల్లో, రేపటి ధర తెలియని వ్యాపారి ఈ రోజు ఎడాన్ని పెంచుకోక తప్పదు.

రియాల్ నోట్ల వ్యాపారికీ ఇటువంటి ఖర్చులే ఉన్నాయి. నోట్లను తెప్పించాలి, భద్రపరచాలి, అవి పెట్టెలో ఊరికే పడి ఉన్నన్నాళ్లూ అతని పెట్టుబడి కదలదు. పెద్ద బ్యాంకులు పరస్పరం డాలర్లు మార్చుకునేటప్పుడు పైసా అటూ ఇటూగా ఉండే ఎడం, చిల్లర దుకాణంలో రూపాయికి మించడానికి కారణం ఇది. కాని ఖర్చుకు తగిన ఎడం వేరు, బయలుదేరే హడావుడిలో ఉన్నవారి అజ్ఞానానికి వేసిన ఎడం వేరు. సరుకుతో వస్తున్న బిడారును మార్కెట్టు చేరకముందే దారిలో ఎదురేగి కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా అమ్మినవాడు మార్కెట్టుకు వచ్చి అసలు ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఉన్నది. అక్కడ నిషిద్ధమైనది లాభం కాదు, ధర తెలియనివాని తెలియనితనాన్ని వాడుకోవడం.

పుంగనూరులోని ఒక యువకుడు మరొక ప్రశ్న వేశారు. వడ్డీ వ్యాపారం, మద్యం వంటి వాటితో సంబంధం లేని కంపెనీల వాటాలను మాత్రమే ఆయన కొంటారు. బ్రోకరేజీ సున్నా అని ప్రకటించిన యాప్ ద్వారా కొంటున్నా, కొన్న వెంటనే ఖాతాలో నష్టం చూపుతున్నదెందుకని అడిగారు. ఇదీ ఆ ఎడమే. పైగా ఆయన వంటివారికి ఇది ఇతరులకంటే కొంత ఎక్కువగా తగులుతుంది. మన స్టాక్ మార్కెట్లో అత్యధికంగా చేతులు మారే వాటాల్లో బ్యాంకులవి ముఖ్యమైనవి. వాటిని విడిచిపెట్టి చిన్న కంపెనీల వైపో, అరుదుగా చేతులు మారే ఇటిఎఫ్ యూనిట్ల వైపో వెళ్లినవారికి ఎదురయ్యే కొనుగోలుదారులూ అమ్మకందారులూ తక్కువ. కనుక ఎడం ఎక్కువ.

యాప్‌లో ‘మార్కెట్ డెప్త్’ అన్న చోట నొక్కితే ఎడమవైపు ఐదు బిడ్‌లు, కుడివైపు ఐదు ఆస్క్‌లు కనబడతాయి. ఒక యూనిట్‌కు మేలైన బిడ్ 506 రూపాయలు, మేలైన ఆస్క్ 512 అనుకుందాము. మధ్యధర 509. ఎడం 6 రూపాయలు, అంటే సుమారు 1.2 శాతం. వెయ్యి రూపాయల విలువగల ఒక పెద్ద కంపెనీ వాటాలో ఇదే ఎడం పది పైసలు ఉండవచ్చు. అది నూటికి ఒక పైసా, లెక్కలోకి రానిది.

ఎడం ఒక్కటే చూసి ఊరుకుంటే చాలదు. 512 రూపాయలకు ఎన్ని యూనిట్లు ఉన్నాయో కూడా చూడాలి. అక్కడ 20 మాత్రమే ఉన్నాయనీ, తరువాత 515కు 30, ఆపైన 520కి 50 ఉన్నాయనీ అనుకుందాము. మన యువకుడు ధర పేర్కొనకుండా ‘మార్కెట్ ఆర్డర్’ ఇచ్చి 100 యూనిట్లు కొంటే, ఆ మూడు మెట్లనూ ఎక్కుతూ పోతాడు. 10,240, 15,450, 26,000 కలిపి 51,690 రూపాయలు. సగటు ధర 516 రూపాయల 90 పైసలు. 506 వద్ద వంద యూనిట్లు కొనేవారు ఉన్నా సరే, ఆ నిమిషంలోనే అమ్మితే వచ్చేది 50,600. మార్కెట్టు ఒక్క పైసా కదలకుండానే 1,090 రూపాయలు పోయాయి. బ్రోకరు పంపే కాంట్రాక్ట్ నోట్‌లో బ్రోకరేజీ సున్నా అనే ఉంటుంది. లావాదేవీ పన్ను, స్టాంపు సుంకం, ఎక్స్ఛేంజి రుసుము పైసలతో సహా ఉంటాయి. ఈ 1,090 రూపాయలకు మాత్రం వరుస ఉండదు. అది ధరలోనే కలిసిపోయింది కాబట్టి ఉండే వీలు లేదు.

కొని ఐదేళ్లు ఉంచుకునేవారికి ఈ నష్టం ఒకసారి తగిలి ఆగిపోతుంది. 1.2 శాతం ఎడం ఉన్న వాటాను నెలకు రెండుసార్లు కొని రెండుసార్లు అమ్మేవారికి అది ఏడాదిలో 28 శాతం దాటుతుంది. అంతటి లాభం సంపాదిస్తే గాని వారు ఉన్నచోట నిలబడలేరు. “సున్నా బ్రోకరేజీ” అన్న మాట తరచుగా కొని అమ్మడానికి పురికొల్పుతుందన్నది మా అభిప్రాయం. కనబడే రుసుము తీసివేయగానే కనబడనిది లేదనిపిస్తుంది.

దీనికి ఉన్న విరుగుడు ‘లిమిట్ ఆర్డర్’. నేను 509కి మించి ఇవ్వను అని ధర రాసి వేచి ఉండడం. అప్పుడు మనం ఎడాన్ని చెల్లించేవారం కాము. కాని ఇందులోనూ ఒక చిక్కున్నది. ధర పైకి వెళ్లిపోతే మన ఆర్డరు నెరవేరదు. ఏదైనా చెడు వార్త వచ్చి ధర పడిపోతున్నప్పుడు మాత్రం వెంటనే నెరవేరుతుంది. వేచి ఉండేవానికి దక్కేది తరచుగా ఇతరులు వదిలించుకోజూస్తున్న సరుకే. కాబట్టి రాసిన ఆర్డరును మరచిపోకుండా ఆ సాయంత్రమే చూసుకోవాలి. ఉదయం 9.15కు మార్కెట్టు తెరిచిన మొదటి నిమిషాల్లో ఎడం సాధారణంగా వెడల్పుగా ఉంటుంది. కొంతసేపు ఆగి చూస్తే తేడా కళ్లకే తెలుస్తుంది. ఇటిఎఫ్ అయితే యూనిట్ లోపలి ఆస్తుల విలువను ఫండ్ సంస్థ మార్కెట్ వేళల్లోనే ప్రకటిస్తూ ఉంటుంది. దానిని పక్కన పెట్టుకుని బిడ్, ఆస్క్‌లను చూడాలి.

కుప్పం సోదరునికి మా సమాధానం ఇది. వచ్చేసారి దుకాణంలో “రియాల్ ఎంత?” అని అడగకండి. “ఎంతకు ఇస్తారు, ఇప్పుడే తిరిగి ఇస్తే ఎంతకు తీసుకుంటారు?” అని రెండూ కలిపి అడగండి. రెండింటి తేడాయే వారి రుసుము. మరొకచోట రియాల్‌కు 40 పైసలు తక్కువకు దొరికితే 4,000 రియాళ్లపై 1,600 రూపాయలు మిగులుతాయి. ఆ మేరకు తిరగడం గిట్టుబాటో కాదో మీరే చూసుకోవచ్చు. కార్డుపై రియాళ్లు వేయించుకున్నా ఇవే రెండు ధరలు అడగండి. అక్కడా ఎడం ఉంటుంది. ఇక మిగిలే సొమ్ముపై ఎడం రెండోసారి పడుతుంది కనుక, అవసరమనుకున్నదానికంటే కొంచెం తక్కువే తీసుకువెళ్లి, చాలకపోతే అక్కడ మార్చుకోవడానికి కొన్ని డాలర్లు ఉంచుకోండి. రియాల్ నాణేలను ఇక్కడి దుకాణాలు సాధారణంగా తీసుకోవు. వాటిని అక్కడే ఖర్చు చేసి రండి.