మన తఆరుఫ్ మనమే రాసుకోవాలి, అదీ మూడుసార్లు

2017 నవంబర్ 28న మన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో పెద్ద దావత్ జరిగింది. అదే రోజు నగరంలో మొదలైన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు అమెరికా బృందాన్ని తీసుకొచ్చింది ఇవాంకా ట్రంప్. ఇంజన్‌బౌలి నుంచి చార్మినార్ దాకా ఏ చాయ్‌ఖానాలో అడిగినా ఆమె ట్రంప్ కూతురే. కాగితం మీద మాత్రం ఆమె హోదా 'అధ్యక్షుడి సలహాదారు'. జనం ఏమనుకున్నా సరే, వేదిక మీద తాను ఎవరో ఆ పక్షం వాళ్లు ముందే రాసుకుని వచ్చారు.

మన జల్సాల్లో జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా. మేహమానే ఖుసూసీని పిలుస్తారు. రెండు రోజుల ముందు ఫోన్ చేసి, 'సాబ్, మీ బయోడేటా పంపండి' అంటారు. సాబ్ అదబ్‌గా నవ్వి, 'అరే భాయ్, నాదేముంది, మీకు తెలిసిందే రాసుకోండి' అంటాడు. ఇక ఫ్లెక్సీ షాపులో కుర్రాడికి తెలిసింది ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది. నాజిమ్‌కి గుర్తొచ్చింది మైకులోకి వస్తుంది. మర్నాడు మా పేపరోళ్లకు దొరికింది అచ్చవుతుంది. మూడు చోట్లా మూడు వేర్వేరు మనుషులు! నాజిమ్‌కి ఏమీ గుర్తు రాకపోతే 'వీరు మొహతాజే తఆరుఫ్ కారు' అనేసి, ఓ అరడజను అల్‌ఖాబ్ తగిలించి కూర్చుంటాడు. పరిచయం అక్కర్లేని మనిషి అని పరిచయం చేయడమన్నమాట. సామయీన్‌లో సగం మంది పక్కవాళ్లను 'ఎవరీయన?' అని అడుగుతుంటారు.

నా వాదన ఇది. ప్రధాన వక్త తఆరుఫ్ రాయడం వక్త పని. మూడో మనిషి రాసినట్టు, 'ఆయన', 'ఆమె' అంటూ, వక్తే రాసివ్వాలి. చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు రాయాలి. ఒకటి రాసిచ్చి 'మీకు కావలసినంత కోసుకోండి' అంటే సగం పని ఎగ్గొట్టినట్టే.

'సొంత డబ్బా కొట్టుకోవడం మన తహజీబ్ కాదు' అనేవాళ్లకు ముందు జవాబు చెప్పాలి. సూరా యూసుఫ్ గుర్తు చేసుకోండి. ఖజానా బాధ్యత తనకు అప్పగించమని మిస్ర్ బాద్‌షాను అడిగినప్పుడు యూసుఫ్ అలైహిస్సలాం తన గురించి తానే చెప్పుకున్నారు. చెప్పింది రెండే మాటలు: కాపాడగలను, తెలిసినవాణ్ని. ఆ పనికి కావలసినవి ఆ రెండే. యాఖూబ్ అలైహిస్సలాం కొడుకునని అక్కడ చెప్పలేదు. అదే జైల్లో తోటి ఖైదీలకు తౌహీద్ బోధించినప్పుడు ఇబ్రాహీం, ఇస్‌హాఖ్, యాఖూబ్‌ల పేర్లు తీసుకున్నారు. మనిషి ఒక్కరే. వినేవాళ్లు మారితే తఆరుఫ్ మారింది. దీన్ని ఖుద్‌సితాయీ అనే ధైర్యం ఎవరికుంది?

ఇన్‌కిసారీకి భంగం రాకుండా రాయడానికి ఓ సులువైన పరీక్ష ఉంది. రాసిన ప్రతి వాక్యంలో 'ఆయన' తీసేసి 'నేను' పెట్టి పైకి చదవండి. 'నేను మూడు సంపుటాలు రాశాను' అనడానికి సిగ్గెందుకు? అది వాకియా. 'నేను సుప్రసిద్ధ కవిని, బహుముఖ ప్రజ్ఞాశాలిని' అంటే చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడిన ప్రతిచోటా కొట్టేయండి. మిగిలిందే తఆరుఫ్. పొగడాలనిపిస్తే నాజిమ్ పొగుడుతాడు, అది ఆయన ఇష్టం.

మూడూ విడివిడిగా ఎందుకు రాయాలో ఒక మనిషిని పెట్టి చూద్దాం. ఖయాల్ చేయండి: 1968లో మన పక్కనే ఓ కాలేజీ జల్సా, ప్రధాన వక్త మఖ్దూం మొహియుద్దీన్, విషయం 'మజ్దూర్ – షాయిరీ'. మనవాళ్లు మామూలుగా రాసే పెద్ద తఆరుఫ్ ఇలా మొదలవుతుంది: 'మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా ఆందోల్‌లో జన్మించారు. చిన్ననాటనే తండ్రి చనిపోగా పినతండ్రి దగ్గర పెరిగారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎంఏ చదివారు.' ఫ్లెక్సీలో మూడు లైన్లకే జాగా ఉంది. షాపు కుర్రాడు మూడు లైన్లు ఉంచి మిగతాది కోసేస్తాడు. ఏం మిగిలింది? తండ్రి లేకుండా పెరిగి ఎంఏ చేసిన ఓ ఆందోల్ అబ్బాయి. షాయిర్ లేడు, మజ్దూర్ లీడర్ లేడు. తప్పు కోసినవాడిది కాదు. పుట్టుకతో మొదలుపెట్టి రాసినవాడిది.

చిన్నది ఫ్లెక్సీకి, దావత్‌నామాకు, వాట్సాప్‌కు. ఇరవై మాటల లోపు. చదివేవాడు నడుస్తూ చదువుతాడు, కాబట్టి పేరు ముందుండాలి:

'మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి, కార్మిక నాయకుడు. సుర్ఖ్ సవేరా, గులే తర్, బిసాతే రఖ్స్ ఆయన కవితా సంపుటాలు. శాసనమండలి సభ్యుడు.'

ఇందులో ఊరు లేదు, చదువు లేదు. జల్సాకు రావాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ రెండూ అక్కర్లేదు.

మధ్యరకం మైకులో చదవడానికి. ఇది కళ్లకు కాదు, చెవులకు. నిమిషంలోపు అయిపోవాలి, గడియారం పెట్టుకుని పైకి చదివి చూసుకోండి. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చేయండి. పేరు చివర్లో రానివ్వండి, ఎందుకంటే పేరు వినగానే సామయీన్ చప్పట్లు కొడతారు. మొదట్లోనే చెబితే ఆ చప్పట్లలో మిగతాది మునిగిపోతుంది. క్రియ చివర్లో వచ్చే మన తెలుగులో పేరును ఆఖరికి జరపడం కష్టమేమీ కాదు:

'సిటీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగాన్ని రాజకీయాల కోసం వదిలేసిన కవి ఈయన. హైదరాబాద్‌లో కార్మిక సంఘాలు కట్టారు. తెలంగాణ సాయుధ పోరాట నాయకుల్లో ఒకరు. మొదటి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా 1944లో వచ్చింది. 1952లో హుజూర్‌నగర్ నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. ఇప్పుడు శాసనమండలి సభ్యులు. కార్మికుడికీ కవిత్వానికీ ఉన్న రిష్తా గురించి ఈ రోజు మనతో మాట్లాడడానికి వచ్చారు, మఖ్దూం మొహియుద్దీన్.'

చూడండి, మూడు సంపుటాల పేర్లు ఇక్కడ లేవు. చెవికి జాబితా ఆనదు, ఒకటి చాలు. ఫ్లెక్సీలో లేని ఉద్యోగం మాట ఇక్కడ మొదట్లోనే వచ్చింది. షాయిరీ, మజ్దూర్ ఒకే మనిషిలో ఎలా కలిశాయో ఆ ఒక్క మాటే చెబుతుంది, ఈ రోజు ఉపన్యాసమూ దాని గురించే. చిన్నదాన్ని సాగదీస్తే ఇది రాదు, పెద్దదాన్ని కోసినా రాదు.

పెద్దది సావనీరుకు, పత్రికలకు. తీరిగ్గా చదివేవాళ్లది. అక్కడ కూడా పని ముందు, పుట్టుక తర్వాత:

'మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి, కార్మిక నాయకుడు. సుర్ఖ్ సవేరా (1944), గులే తర్ (1961), బిసాతే రఖ్స్ (1966) ఆయన సంపుటాలు. ఆయన నజ్మ్‌లు సినిమా పాటలుగానూ వచ్చాయి. 1960 నాటి 'ఉస్నే కహా థా', 1964 నాటి 'చా చా చా' వాటిలో ఉన్నాయి.

సిటీ కాలేజీలో లెక్చరర్‌గా పనిచేస్తూ, రాజకీయాల కోసం రాజీనామా చేశారు. కార్మిక సంఘాల నిర్మాణంలో, తెలంగాణ సాయుధ పోరాటంలో ముందు నిలిచారు. 1952లో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. తర్వాత శాసనమండలి సభ్యులయ్యారు.

1908లో మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే పినతండ్రి పెంచారు. ఉర్దూ మాధ్యమంలో బోధించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎంఏ చదివారు.'

ఇప్పుడు ఎవరైనా కిందినుంచి ఒక్కో పేరా కోసుకుంటూ పోయినా, షాయిర్ మాత్రం పోడు. విలేకరికి జాగా ఎప్పుడూ తక్కువే, కోత ఎప్పుడూ కిందినుంచే.

కాగితం అడుగున తారీఖు వేయడం మరిచిపోవద్దు. మఖ్దూం సాబ్ 1969 ఆగస్టు 25న ఇంతకాల్ అయ్యారు. బిసాతే రఖ్స్‌కు 1969 సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. 1968 నాటి కాగితాన్ని ఆ తర్వాత వాడితే 'ఇప్పుడు శాసనమండలి సభ్యులు' అన్న మాట అబద్ధమవుతుంది, అవార్డు మాట అసలుండదు. అందుకే 'గత ఏడాది', 'ఇటీవల' అని రాయకుండా ఏ సంవత్సరమో రాయాలి.

ఇక మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది పేరు సంగతి. మొహమ్మద్‌ను కుదించి 'ఎండీ' అని రాసుకుంటాం. వేదిక మీద దాన్ని వైద్యం డిగ్రీ అనుకుని 'డాక్టర్ గారు' అనేవాళ్లున్నారు. షేక్ 'ఎస్కే' అయిపోతాడు. తఆరుఫ్‌లో పేరు పూర్తిగా, తెలుగు లిపిలో, పలికినట్టే రాసివ్వండి. ఇంగ్లిష్ అక్షరాలు చూసి ఊహించమంటే జాకిర్ జాకీర్ అవుతాడు. మళ్లీ మనమే బాధపడతాం.

పేరు తర్వాతి మొదటి మాట మీదా లడాయి ఉంది. మనం రాయకపోతే అక్కడ 'ముస్లిం రచయిత' అని పడుతుంది, ఉపన్యాసం లెక్కల మీదైనా, నీళ్ల మీదైనా. మన ఆడపిల్లల విషయంలో ఇంకా ఘోరం: 'ఫలానా సాబ్ గారి బేగం' అని. ముస్లిం అన్న మాట దాచుకోమనడం లేదు. 1991లో 'పుట్టుమచ్చ' రాసిన ఖాదర్ మొహియుద్దీన్ ఆ గుర్తింపును తన కవితకే మధ్యలో నిలబెట్టారు, అది ఆయన కలం ఎంచుకున్నది. నేనడిగేది ఎంచుకునే హఖ్ గురించి. మట్టి పరీక్షల మీద మాట్లాడే బెహన్ మొదటి మాట 'మట్టి శాస్త్రవేత్త' కావాలి. షౌహర్ పేరు, ఖానదాన్ పేరు పెద్ద తఆరుఫ్ మూడో పేరాలో, ఆమెకు ఇష్టమైతేనే.

నిర్వాహకులకు ఒక మాట. రాసిచ్చింది రాసిచ్చినట్టు చదవండి. అల్‌ఖాబ్ కలపకండి. తగ్గించాల్సి వస్తే వక్తనే అడగండి. వక్తలకు ఒక మాట. పిలుపు వచ్చినరోజే ఫోన్లో మూడూ సిద్ధంగా ఉండాలి. 'నాదేముంది' అని వదిలేసిన జాగా ఖాళీగా ఉండదు. అందులో ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తారు, మర్నాడు పేపర్లో అదే మీరు.